తప్పు సిబిల్‌లో మొదలవలేదు, లోన్ ఖాతాలో మొదలైంది

ప్రశ్న: నా టూవీలర్ లోన్ ఈఎంఐ 4,280 రూపాయలు, ప్రతి నెలా 5వ తేదీ. 2025 జులైలో ఉద్యోగం మారాను, శాలరీ అకౌంట్ కూడా మారింది. అందుకని ఆగస్టు ఈఎంఐ 3వ తేదీనే ఫైనాన్స్ కంపెనీ బ్రాంచికి వెళ్లి క్యూఆర్ స్కాన్ చేసి కట్టేశాను. సెప్టెంబరు నుంచి కొత్త అకౌంట్‌లో కట్ అవుతోంది. ఇప్పుడు హోమ్ లోన్‌కి వెళ్తే నాలుగు నెలలు లేట్ పేమెంట్ ఉందంటున్నారు. సిబిల్‌లో డిస్ప్యూట్ పెడితే 'కంపెనీ సరైనదేనని చెప్పింది' అని మూసేశారు. కంపెనీ కస్టమర్ కేర్ వాళ్లేమో 'మీకు బాకీలేమీ లేవు మేడం' అంటున్నారు. ఎవరికి, ఏమని రాయాలి? రిపోర్ట్, లోన్ స్టేట్‌మెంట్ పంపుతున్నాను. — ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు పంపిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇద్దరూ మీకు అబద్ధం చెప్పలేదు, చిత్రమేమిటంటే. కస్టమర్ కేర్ అమ్మాయి చూసేది ఈ రోజు బాకీ. అది సున్నా. సిబిల్‌కి జవాబిచ్చిన మనిషి చూసేది తమ పుస్తకంలో ఆ నాలుగు నెలలూ ఏముందని. అక్కడ నిజంగానే లేట్ అని ఉంది. పుస్తకమే తప్పుగా రాసి ఉంటే, దాన్ని చూసి సరిచూసేవాళ్లు 'సరిగ్గానే ఉంది' అనక ఏం చేస్తారు?

ముందు రిపోర్ట్‌లో నెలనెలా చెల్లింపు చూపించే గళ్లు చూడండి. ఆగస్టు కింద 026, సెప్టెంబరు కింద 025, అక్టోబరు 026, నవంబరు 025, డిసెంబరు 000. వీటినే డీపీడీ అంటారు, అంటే గడువు దాటి ఎన్ని రోజులైందన్న లెక్క. ఆగస్టు 5 నుంచి 31 వరకు లెక్కపెట్టండి, 26 రోజులు. సెప్టెంబరు 5 నుంచి 30కి 25. మళ్లీ అక్టోబరు 26, నవంబరు 25. మీరు నాలుగు ఈఎంఐలు వరసగా కట్టకుండా వదిలేసి ఉంటే ఈ అంకెలు ఇంత క్రమంగా రావు, 026 తర్వాత 056, 087 అంటూ పెరుగుతూ పోయేవి. ఇక్కడ తప్పింది ఒకే ఒక్క ఈఎంఐ. మీరు సెప్టెంబరులో కట్టింది ఆగస్టు బాకీకి వెళ్లింది, అక్టోబరులో కట్టింది సెప్టెంబరుకి వెళ్లింది. పాత బాకీ ముందు తీర్చి తర్వాత కొత్తది చూడటం లోన్ సాఫ్ట్‌వేర్ అలవాటు. దాంతో ప్రతి నెలాఖరుకీ ఒక ఈఎంఐ వెనకబడినట్టే కనిపించింది. నేను పదేళ్లు లోన్ ఆపరేషన్స్‌లో పనిచేశాను. గళ్లలో 025, 026 ఇలా మారి మారి వస్తే ఎక్కడో ఒక రసీదు దారి తప్పిందని, వెతకమని మా కుర్రాళ్లకు చెప్పేవాణ్ని.

ఆ రసీదు మీ లోన్ స్టేట్‌మెంట్‌లోనే ఉంది. 12-12-2025 దగ్గర 4,280 రూపాయల అదనపు జమ ఒకటి కనిపిస్తుంది చూడండి. ఆ నెలలో 5న మీ అకౌంట్ నుంచి కట్ అయిన ఈఎంఐ వేరే వరుసలో ఉంది. కాబట్టి ఈ రెండోది మీరు ఆగస్టు 3న కట్టిన డబ్బే అయ్యుండాలి, ఎందుకంటే డిసెంబరులో మీరు రెండుసార్లు కట్టలేదు. బ్రాంచి క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు లోన్ నంబర్ దానికి జతపడకపోతే ఆ డబ్బు ఎవరిదో తెలియక సస్పెన్స్ ఖాతాలో పడి ఉంటుంది. నాలుగు నెలల తర్వాత ఎవరో లెక్కలు సరిచూసి మీ లోన్‌కి జమ చేశారు. జమ చేయడం వరకు బాగానే చేశారు. కానీ తేదీ మాత్రం తాము జమ చేసిన రోజుదే వేశారు.

మీ గొడవంతా ఆ తేదీలోనే ఉంది. ఇలాంటి జమకి వాల్యూ డేట్ అని ఒకటుంటుంది, డబ్బు నిజంగా తమ చేతికి వచ్చిన రోజు. మీ జమకి వాల్యూ డేట్ 03-08-2025 వేసి ఉంటే నాలుగు గళ్లూ 000 అయ్యేవి. కాబట్టి మీరు అడగాల్సింది 'నా సిబిల్ సరిచేయండి' అని కాదు. 'ఈ జమ వాల్యూ డేట్ మార్చండి, దాని ప్రకారం ఆగస్టు నుంచి నవంబరు వరకు డీపీడీ మళ్లీ లెక్కకట్టండి, ఆ సవరణను సిబిల్‌తో కలిపి నాలుగు క్రెడిట్ బ్యూరోలకూ పంపండి' అని. మొదటి రకం మాట రాస్తే అది కస్టమర్ కేర్‌లో తిరుగుతూ ఉంటుంది. రెండో రకం రాస్తే ఆపరేషన్స్ వాళ్ల బల్ల మీదికి వెళ్తుంది.

కంపెనీ ఎదురు చెప్పగలిగిన పాయింటు ఒకటుంది, అది మీ స్టేట్‌మెంట్‌లో ఆగస్టు 5 దగ్గర ఉంది. మీ పాత శాలరీ అకౌంట్ నుంచి ఈఎంఐ దానంతటదే కట్ అయ్యేలా మీరిచ్చిన మాండేట్‌ని వాళ్లు ఆ రోజు మామూలుగానే పంపారు, అందులో డబ్బు లేక తిరిగొచ్చింది, 590 రూపాయలు బౌన్స్ చార్జీ వేశారు. 'మాండేట్ బౌన్స్ అయింది కదా, అందుకే లేట్' అనే జవాబు మీకు రావచ్చు. దీనికి కంగారు పడకండి. బౌన్స్ అవడం వేరు, గడువు దాటడం వేరు. గడువు 5వ తేదీ, డబ్బు 3వ తేదీనే వాళ్లకు చేరింది. చేరిన డబ్బు కోసం మాండేట్ మళ్లీ పంపితే అది బౌన్స్ కావచ్చు గానీ దాంతో ఈఎంఐ బాకీ పుట్టదు. ఆ 590 సంగతి మాత్రం నిజాయితీగా చెప్పాలంటే అటూ ఇటూ వాదించవచ్చు. మాండేట్ ఆపుతామని బ్రాంచి వాళ్లు నోటి మాటగా చెప్పి ఉంటే దాన్ని నిరూపించడం కష్టం. మాఫీ అడగండి, ఒప్పుకోకపోతే కట్టేయండి. దాన్ని పట్టుకుని పంతానికి పోతే, కొన్ని కంపెనీల సిస్టమ్‌లో చార్జీల బాకీ కూడా ఓవర్‌డ్యూ కాలమ్‌లోకి ఎక్కుతుంది. 590 కోసం కొత్త మచ్చ తెచ్చుకున్నట్టవుతుంది.

ఉత్తరం రాసే ముందు మూడు కాగితాలు చేతిలో ఉండాలి. మొదటిది, మీరు ఏ అకౌంట్ నుంచి యూపీఐ చేశారో ఆ బ్యాంకు స్టేట్‌మెంట్, పీడీఎఫ్. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ చాలదు. ఆగస్టు 1 నుంచి 15 వరకు పేజీలన్నీ ఉండాలి, ఎందుకంటే 3న వెళ్లిన డబ్బు 4నో 5నో వెనక్కి రాలేదని కూడా అదే చూపిస్తుంది. ఇది మీరు కూడా ఒకసారి చూసుకోండి. వెనక్కి వచ్చి ఉంటే నేను ఇప్పటిదాకా చెప్పిందంతా తారుమారవుతుంది. ఆ లావాదేవీ పక్కన 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. కంపెనీ వాళ్లు తమ బ్యాంకు ఖాతాలో మీ డబ్బు వెతుక్కోవడానికి తాళంచెవి అదే. రెండోది కంపెనీ ఇచ్చిన లోన్ స్టేట్‌మెంట్, డిసెంబరు 12 వరుస కింద గీత గీసి. మూడోది క్రెడిట్ రిపోర్ట్‌లో ఆ లోన్ ఉన్న పేజీ, రిపోర్ట్ కంట్రోల్ నంబర్ కనిపించేలా.

ఇక ఉత్తరం. బ్రాంచి మేనేజరుకు కాదు, కంపెనీ గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్‌కి మెయిల్ చేయండి. ఆ పేరు, మెయిల్ వాళ్ల వెబ్‌సైట్‌లోనూ బ్రాంచి గోడ మీదా ఉంటాయి. ఇంగ్లీషులో పంపితే పని తొందరగా కదులుతుంది, విషయం మాత్రం ఇలా ఉండాలి:

"విషయం: లోన్ నంబర్ ______ – 2025 ఆగస్టు ఈఎంఐ తప్పు తేదీతో జమ – నాలుగు నెలల డీపీడీ సవరణ కోసం

పై లోన్‌లో 05-08-2025న కట్టాల్సిన 4,280 రూపాయలను 03-08-2025న మీ కాకినాడ బ్రాంచిలో క్యూఆర్ ద్వారా చెల్లించాను. యూపీఐ రిఫరెన్స్ నంబర్ ______. ఆ మొత్తం నా ఖాతాకు తిరిగి రాలేదని జత చేసిన బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తుంది. మీ లోన్ స్టేట్‌మెంట్‌లో ఇదే మొత్తం 12-12-2025 తేదీతో జమ అయింది. ఈ ఆలస్యం వల్ల 2025 ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలకు వరుసగా 026, 025, 026, 025 రోజుల డీపీడీ క్రెడిట్ బ్యూరోలకు వెళ్లింది.

దయచేసి (1) ఈ జమకు వాల్యూ డేట్‌ను 03-08-2025గా సరిచేయండి, (2) ఆ నాలుగు నెలల డీపీడీని 000గా సవరించి నాలుగు క్రెడిట్ బ్యూరోలకూ పంపండి, (3) ఈ కారణంగా వేసిన పెనాల్టీ చార్జీలను తీసివేయండి, (4) సవరించిన లోన్ స్టేట్‌మెంట్‌ను, సవరణ పంపినట్టు లెటర్‌హెడ్ మీద ఒక ధ్రువీకరణను నాకు ఇవ్వండి. అభ్యర్థనను తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలపండి."

అంతే. ఇందులో మీ హోమ్ లోన్ ఆగిపోయిందని, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని రాయకండి. అది నిజమే కావచ్చు గానీ, చదివేవాడికి వెతుక్కోవాల్సిన తేదీ, నంబరు ఆ కథలో మునిగిపోతాయి. నాలుగు నెలల పేర్లూ విడివిడిగా రాయడం మాత్రం మర్చిపోవద్దు. నెలనెలా బ్యూరోలకు వెళ్లే మామూలు ఫైల్‌లో ఆ రోజుటి పరిస్థితే ఉంటుంది. పాత నెలలు సరిచేయాలంటే ఆ నెలల పేరుతో విడిగా సవరణ పంపాలి. 'సరిచేశాం మేడం' అని చెప్పి ఈ నెల 000 అని మళ్లీ పంపి ఊరుకున్న సందర్భాలు నేను చాలా చూశాను. పాత గళ్లు ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

నాలుగు బ్యూరోలు అన్నాను కదా. మనకి సిబిల్ ఒక్కటే నోట్లో నానుతుంది గానీ ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. 2015 నుంచి అప్పులిచ్చే సంస్థలన్నీ నాలుగింటిలోనూ సభ్యులుగా ఉండాలని ఆర్‌బీఐ నిబంధన. ఒకదానిలో తప్పు పడిందంటే నాలుగింటిలోనూ పడి ఉండే అవకాశం ఎక్కువ. మీ హోమ్ లోన్ బ్యాంకు సిబిల్ చూసింది, రేపు క్రెడిట్ కార్డు ఇచ్చేవాళ్లు ఇంకొకటి చూడొచ్చు. ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి, వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి.

కంపెనీకి మెయిల్ పెట్టిన రోజే, లేదా మర్నాడు, బ్యూరోకి కూడా రాయండి. పోయినసారి మీరు ఆన్‌లైన్ ఫారంలో గడి చూపించి 'ఇది తప్పు' అన్నారు. ఈసారి కంపెనీకి పంపిన ఉత్తరం నకలు, అవే మూడు కాగితాలు జతచేసి, కంట్రోల్ నంబర్ వేసి, 'సంస్థ తన రసీదు తేదీనే సరిచూడాలని నా అభ్యంతరం' అని చెప్పండి. బ్యూరో తనంతట తాను గడి మార్చలేదు. క్రెడిట్ సమాచార సంస్థల చట్టం, 2005 ప్రకారం అప్పు ఇచ్చిన సంస్థ 'అవును, ఈ సవరణ సరైనదే' అని ధ్రువీకరిస్తేనే మార్చాలి. మరి బ్యూరోకి రాయడం ఎందుకంటారా? గడియారం కోసం.

ఆ గడియారం సంగతి చెప్తాను. 2023 అక్టోబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. మీరు కంపెనీకి గానీ బ్యూరోకి గానీ ఫిర్యాదు చేసిన రోజు నుంచి 30 రోజుల్లోపు అది తేలాలి. సెలవులు కూడా కలిపే లెక్క. ఇందులో కంపెనీ వాటా 21 రోజులు. ఆలోపు అది సవరణ పంపితే మిగతా రోజులు బ్యూరోవి. 30 దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. కంపెనీ 21 రోజుల్లో పంపకపోతే కంపెనీ, అది పంపినా బ్యూరో తేల్చకపోతే బ్యూరో కట్టాలి. అందుకే ఫోన్‌లో మాట్లాడింది లెక్కలోకి రాదనుకోండి. మెయిల్ పెట్టిన తేదీ, వచ్చిన ఫిర్యాదు నంబర్ ఒక కాగితం మీద రాసుకోండి. ఇంకో మాట, 'నా స్కోర్ పెంచండి' అని ఎక్కడా రాయకండి. స్కోర్ ఎలా లెక్కకట్టారన్న గొడవకి ఈ పరిహారం వర్తించదు. మీ ఫిర్యాదు ఫలానా గడిలోని ఫలానా అంకె గురించి.

అదే నెలలో ఆర్‌బీఐ ఇచ్చిన ఇంకో ఆదేశంలో మరో మాట ఉంది. ఎవరి మీదైనా బాకీ ఉందని బ్యూరోకి పంపేటప్పుడు కంపెనీ ఆ మనిషికి ఎస్ఎంఎస్ గానీ ఈమెయిల్ గానీ పంపాలి. ఆగస్టు నుంచి నవంబరు వరకు మీకు అలాంటి మెసేజ్ ఏదైనా వచ్చిందేమో పాత ఫోన్‌లో వెతకండి. రాకపోతే ఉత్తరంలో ఒక్క వాక్యం కలపండి: "ఈ నాలుగు నెలల్లో నాకు ఎలాంటి సమాచారం రాలేదు." వచ్చి ఉండి మీరు పట్టించుకోకపోతే ఆ వాక్యం వద్దు. ఒక్క తప్పు మాట దొరికినా మిగతా ఉత్తరమంతా పలచబడిపోతుంది.

కంపెనీ తిరస్కరించినా, 30 రోజులు దాటినా మౌనంగా ఉన్నా, cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ బ్యూరోలు కూడా అంబుడ్స్‌మన్ పథకం కిందికి వచ్చాయి. అక్కడ అడిగే మొదటి ప్రశ్న, 'ముందు సంస్థకి రాశారా, ఎప్పుడు?' అని. మీ దగ్గర తేదీ ఉన్న మెయిల్ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. నెల గడిచాక ఆలస్యం చేయకుండా అక్కడికి వెళ్లండి, 'ఇంకొక్కసారి అడిగి చూద్దాం' అని నెలలు గడపొద్దు.

ఈ లోపు ఎవరో ఒకరు మీకు ఫోన్ చేస్తారు, 'సిబిల్ క్లియర్ చేయిస్తాం, ఇంత ఇవ్వండి' అని. వాళ్లు చేసేది కూడా మీ పేరుతో ఆ ఉచిత డిస్ప్యూటే నొక్కడం. మీ ఓటీపీ మాత్రం వాళ్ల చేతిలో ఉంటుంది.

హోమ్ లోన్ ఫైల్ సంగతి. డిస్ప్యూట్ నడుస్తున్నప్పుడు రిపోర్ట్‌లో ఆ లోన్ పక్కన వివాదంలో ఉన్నట్టు గుర్తు కనిపిస్తుంది. కొన్ని బ్యాంకులు అది చూసి ఆగుతాయి. మీ ఫైల్ చూస్తున్న అధికారిని కలిసి బ్యాంకు స్టేట్‌మెంట్, లోన్ స్టేట్‌మెంట్ రెండూ చూపించి, ఆగస్టు 3 నుంచి డిసెంబరు 12 దాకా ఆ డబ్బు ఎక్కడుందో వేలు పెట్టి చెప్పండి. సవరణ పంపామని ఫైనాన్స్ కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితం వస్తే, దాని మీదే ఫైల్ ముందుకు కదిపే బ్యాంకులున్నాయి. కొన్ని గళ్లు మారేదాకా ఒప్పుకోవు, అది వాళ్ల ఇష్టం. అందుకే ఉత్తరంలో నాలుగో కోరిక పెట్టింది.

కంపెనీ 'పూర్తయింది' అన్నాక వెంటనే బ్యాంకుకి చెప్పకండి. 2025 జనవరి నుంచి సంస్థలు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపాలి, కాబట్టి రెండు మూడు వారాలు ఆగి మీరే కొత్త రిపోర్ట్ తీయండి. ఉచితంది ఈ ఏడాదికి అయిపోయి ఉంటే డబ్బు కట్టయినా తీయండి. నాలుగు గళ్లూ 000 అయ్యాయా, ఓవర్‌డ్యూ మొత్తం సున్నా ఉందా, ఆ లోన్ దగ్గర చివరిసారి వివరాలు పంపిన తేదీ కొత్తదేనా అని చూడండి. మూడు గళ్లు మారి నవంబరు 025 అలాగే మిగిలిపోయిందనుకోండి, అదే మెయిల్‌కి రిప్లై పెట్టి ఆ ఒక్క నెల పేరు రాయండి. కొత్త ఫిర్యాదు మొదలుపెట్టకండి, గడియారం మళ్లీ మొదటికి వస్తుంది.